పెద్దమ్మ ఫోను ఎందుకు గురువారం రాత్రే ఆగిపోయింది?

మా కడపలో ఎదురింటి పెద్దమ్మ ఫిబ్రవరి మొదట్లో ఒక ఫిర్యాదు తెచ్చింది. "జనవరి ఒక్క నెలకే రెండుసార్లు రీఛార్జి అంట నాయనా. ఆ అంగడోడు నన్ను మోసం చేసినాడేమో సూడు." ఆమె కొడుకు కువైట్‌లో ఉంటాడు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసేది ఆ రోజే. జనవరి 30 శుక్రవారం ఆ కాల్ రాలేదు. ఆమె బాధ అసలు డబ్బు గురించి కాదు, ఆ కాల్ గురించి.

ఫోన్ తీసుకుని రీఛార్జి మెసేజ్‌లు చూశాను. జనవరి 2న కొడుకే అక్కడినుంచి 299 రూపాయల ప్లాన్ వేశాడు. రెండోది జనవరి 31న అంగట్లో వేయించింది. ఎవరూ మోసం చేయలేదు. ఉన్నదల్లా 28 అనే అంకె.

ప్రీపెయిడ్‌లో చాలా ప్లాన్ల గడువు 28 రోజులు. మనం దాన్ని నోటితో నెల అంటాం. ఏడాదికి 12 నెలలు, కానీ 28ని 13తో గుణిస్తే 364. అంటే ఏడాది నడవాలంటే 12 సార్లు కాదు, 13 సార్లు వేయాలి. 299ని 12తో గుణించి 3588 అనుకుంటాం, జేబులోంచి పోయేది 3887. జనవరి 1న మొదలుపెట్టి వరుసగా వేస్తూ పోతే తర్వాతి తేదీలు జనవరి 29, ఫిబ్రవరి 26, మార్చి 26, ఏప్రిల్ 23... ఇలా వెనక్కి జరుగుతూ డిసెంబర్ 3కి, మళ్లీ డిసెంబర్ 31కి వస్తాయి. జనవరిలో రెండు, డిసెంబర్‌లో రెండు. జీతమో పింఛనో ఒకటో తేదీన వచ్చే ఇళ్లకు, చేతిలో డబ్బు అయిపోయే నెలాఖరుకు ఒకసారి, నెల నడుమ ఒకసారి ఈ ఖర్చు వచ్చి పడేది అందుకే.

మన పంచాంగంలోనూ ఇలాంటి జారుడే ఉంది. చాంద్రమాన నెలకు సుమారు 29న్నర రోజులు, 12 నెలలకు 354. మిగిలిన రోజులు పోగుపడితే అధికమాసం వేసి సర్దుతారు. ప్రీపెయిడ్‌కు అలాంటి సర్దుబాటు లేదు, పదమూడో రీఛార్జే అధికమాసం. పిల్లలకు కాలమానం చెప్పేటప్పుడు సూర్యుడు, చంద్రుడితో పాటు ఇంట్లో ఉన్న రీఛార్జి మెసేజ్‌లు కూడా పరిస్తే వాళ్లు ఇంకా త్వరగా పట్టుకుంటారని నాకు గట్టి నమ్మకం.

28కి ఇంకో గుణం ఉంది, పెద్దమ్మ కాల్ పోయింది దానివల్లే. 28 అంటే సరిగ్గా నాలుగు వారాలు. కాబట్టి తేదీ జారుతుంది కానీ వారం జారదు. శుక్రవారం వేస్తే నాలుగో గురువారం రాత్రికి అయిపోతుంది, తర్వాతిది మళ్లీ శుక్రవారమే వేయాలి. కొడుక్కి తీరిక దొరికేది శుక్రవారం, అందుకని ఆ రోజే వేశాడు. జనవరి 29 గురువారం రాత్రితో గడువు తీరింది. గడువు తీరితే డేటా ఆగుతుంది, డేటా లేకుంటే వాట్సాప్ మోగదు. పెద్దమ్మేమో శుక్రవారం ఇంట్లోంచి డబ్బు తీసి ఎవరికీ ఇవ్వదు, లక్ష్మి వెళ్లిపోతుందని. శనివారం దాకా ఆగింది. ఆ నమ్మకాన్ని నేను ఒప్పుకోను, కానీ ఎదురు చెప్పి ఆమెను మార్చే పని పెట్టుకోలేదు. ఆమె వారాన్ని వదలకుండానే గడువును సర్దొచ్చు.

ఇక ఏది చవక అన్నది. ప్లాన్ మీద రాసిన ధరను చూడొద్దు. ధరను రోజులతో భాగించాలి. 2024 జూలై పెంపు తర్వాత జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్లాన్లనే తీసుకుందాం. 28 రోజులకు 299, రోజుకు 10.68. 84 రోజులకు 799, రోజుకు 9.51. మూడు 28ల ప్లాన్లు వేస్తే 897 అయ్యేది, 98 మిగిలింది. నెలనెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ 319 అన్నారు. చూడ్డానికి 299 కన్నా ఎక్కువ. కానీ ఏడాదికి 12 సార్లే కదా, 3828 అవుతుంది, 299 దారిలో అయ్యే 3887 కన్నా 59 తక్కువ. ఎక్కువ ధర ఉన్నది తక్కువ ఖర్చయింది! ఇలా 30 రోజులదీ, ప్రతి నెలా అదే తేదీకి వేసుకునేదీ కనీసం ఒక్కొక్కటైనా ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో కంపెనీలను ఆదేశించింది. ధరలు రేపు మారొచ్చు, భాగహారం మారదు. 84ను మూడు నెలలని, 336ను ఏడాదని అనుకోకండి. 336 అంటే పన్నెండు 28లు, పదకొండు నెలలే.

డేటాకు భాగహారం వేరు. 28 రోజులకు 1.5 చొప్పున 42 జీబీ. 299ని 42తో భాగిస్తే జీబీ 7 రూపాయలు, చాలా చవక. కానీ పెద్దమ్మ ఫోన్ సెట్టింగుల్లో డేటా వాడకం తెరిస్తే నెలకు 4 జీబీ కూడా లేదు. ఆమెకు జీబీ దాదాపు 75 పడింది. రోజువారీ కోటా అర్ధరాత్రికి మళ్లీ మొదటికొస్తుంది, వాడని జీబీ రేపటికి రాదు. కాబట్టి మీరు నిజంగా వాడిన జీబీతోనే భాగించాలి. రాత్రి 11కి రీఛార్జి చేస్తే మొదటి రోజు కోటాకు ఒక గంటే మిగులుతుందని కూడా గుర్తుంచుకోండి.

డేటా అసలు వాడనివాళ్లకు 2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఇంకో దారి తెరిచింది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఒక్కటైనా పెట్టమంది. ఆ తర్వాత వచ్చిన జియో 448 ప్లాన్ 84 రోజులకు, రోజుకు 5.33. 299 ప్లాన్ రోజు ఖర్చులో సగం. పెద్దమ్మకు ఇది సరిపోదు, శుక్రవారం వీడియో పోతుంది. డేటా ప్యాక్ వేరుగా కొని దాని మీద వేయొచ్చా అన్నది ప్లాన్ నియమాల్లో ముందే చూసుకోవాలి. మామూలుగా డేటా ప్యాక్‌కు సొంత కాళ్లు లేవు, కింద నడుస్తున్న అసలు ప్లాన్ ఉంటేనే పనిచేస్తుంది.

ఆమె అంతకుముందు అంగట్లో పది రూపాయల టాప్‌అప్ కూడా అడిగి వేయించుకునేది, ఫోన్ నడుస్తుందని. టాప్‌అప్ అంటే బ్యాలెన్స్, గడువు కాదు. పదిలోనే కలిసి ఉన్న 18 శాతం జీఎస్టీ తీసేయడానికి 1.18తో భాగిస్తే 8.47, ప్రాసెసింగ్ రుసుము ఒక రూపాయి పోతే 7.47. నాలుగో వంతు దారిలోనే పోయింది. ఆ రుసుము 3 రూపాయలకు మించదు కాబట్టి వంద వేస్తే 81.75 వస్తుంది. డేటా ఆగిన ఆ శుక్రవారం పది టాప్‌అప్ వేసినా ఆమెకు ప్లాన్ తిరిగొచ్చేది కాదు.

జనవరి 31 శనివారం వేసిన ప్లాన్ ఫిబ్రవరి 27 శుక్రవారం రాత్రికి అయింది, కొడుకు కాల్ మాట్లాడేశాక. మరుసటి రోజు శనివారం ఇద్దరం అంగడికి పోయి 799 ప్లాన్ వేయించాం. 84 అంటే 12 వారాలు, వారం మళ్లీ అదే. గోడ క్యాలెండర్‌లో మే 22 శుక్రవారం చుట్టూ ఆమె పెన్సిల్‌తో సున్నా చుట్టింది. పక్కన 23 శనివారం గడిలో "దుడ్లు" అని రాసింది.