పానీపూరీది కాదు తప్పు: వాంతులు, మోషన్స్ ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతాయి?

ఇంట్లో ఒకరికి వాంతులు పట్టుకోగానే మొదట తిండి మీద అనుమానం వస్తుంది. నిన్న ఏం తిన్నావు, ఎక్కడ తిన్నావు అని అడుగుతాం. ఆ ప్రశ్న తప్పేమీ కాదు. కానీ దాంతో పాటు ఇంకోటి కూడా అడగాలి: ఎవరికి ఎప్పుడు మొదలైంది? కాలెండర్ పక్కన ఒక కాగితం పెట్టుకుని రోజు, గంట రాసుకుంటే రోగం ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చాలావరకు కనబడుతుంది.

అనంతపురంలో ఒక ఇల్లు అనుకుందాం. రెండో తరగతి పిల్లోడు, వాడి అక్క, అమ్మ, నాయన, అవ్వ. హాల్లో నల్లటి కడప బండలు, అందరికీ ఒకటే బాత్రూమ్, మున్సిపాలిటీ నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి కాబట్టి బాత్రూమ్‌లో ఒక పెద్ద డ్రమ్ము. ఆదివారం రాత్రి పదింటికి పిల్లోడు హాల్లోనే వాంతి చేసుకున్నాడు. అమ్మ ఒక చెంబు నీళ్ళు పోసి, చీపురుతో వాకిలి దాకా ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, డ్రమ్ములో మగ్గు ముంచి చేతులు కడుక్కుని పడుకుంది. పొద్దున ఉగ్గాని చేసింది, అందరూ తిన్నారు. మంగళవారం తెల్లారుజామున అక్కకూ అవ్వకూ ఒకేసారి మొదలైంది. ఆ సాయంత్రం అమ్మకు. బుధవారం సాయంత్రం నాయనకు.

"ఆదివారం తిన్న పానీపూరీ" అన్నారు అందరూ. కానీ అవ్వ పానీపూరీ ముట్టలేదు కదా! అందరూ కలిసి తిన్న ఒక్క తిండి వల్లే వచ్చి ఉంటే అందరికీ ఇంచుమించు ఒకే సమయంలో మొదలవ్వాలి. ఇలా ఒకటిన్నర రోజు తేడాతో వరసగా పడుతూ పోతే అది మనిషి నుంచి మనిషికి పాకినట్టే లెక్క.

ఇలాంటి ఇళ్ళల్లో ఎక్కువగా అనుమానించాల్సింది నోరో వైరస్‌ని. 1968లో అమెరికాలోని నార్వాక్ అనే ఊళ్ళో ఒక స్కూల్లో పిల్లలు, టీచర్లు ఇలాగే వాంతులతో పడ్డారు, వైరస్ పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. దాన్ని మైక్రోస్కోప్ కింద చూడగలిగింది 1972లో. ఒంట్లోకి పోయాక 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. ఇప్పుడు మన కాగితం చూడండి. ఆదివారం రాత్రి పది నుంచి లెక్కేస్తే సోమవారం పొద్దున పదికీ మంగళవారం రాత్రి పదికీ మధ్య ఎవరికి మొదలైనా పిల్లోడి వాంతి నుంచి వచ్చి ఉండొచ్చు. అక్క, అవ్వ, అమ్మ ముగ్గురూ ఆ గంటల లెక్కలోనే పడ్డారు. నాయన పడలేదు. ఆయనకు బహుశా మంగళవారం నాటి బాత్రూమ్ నుంచి వచ్చింది. అంటే ఆదివారం రాత్రి ఒక తప్పు, మంగళవారం ఇంకో తప్పు జరిగాయన్నమాట. రెండూ ఆపగలిగినవే.

ఈ వైరస్ ఇంతగా ఎందుకు పాకుతుందంటే, రోగి మలంలో ఒక్క గ్రాములోనే కోట్ల కోట్ల వైరస్ కణాలుంటాయి, ఇంకొకరికి అంటుకోవడానికి మాత్రం వందలోపు కణాలు కూడా చాలొచ్చు. వాంతి పడేటప్పుడు కంటికి కనబడని సన్నటి తుంపర్లు కూడా లేస్తాయి. 2010లో అమెరికాలో జరిగిన సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆరెగాన్ రాష్ట్రం నుంచి ఫుట్‌బాల్ ఆడటానికి పోయిన అమ్మాయిల జట్టులో ఒకమ్మాయికి హోటల్ బాత్రూమ్‌లో వాంతులయ్యాయి. ఆమెను ఇంటికి పంపించేశారు కూడా. కానీ తినుబండారాలున్న ఒక సంచి ఆ బాత్రూమ్‌లోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి దాన్ని ముట్టలేదు. మరుసటి రోజు అందులోవి తిన్న మిగతా పిల్లలు జబ్బుపడ్డారు. తర్వాత పరీక్ష చేస్తే సంచి మీద వైరస్ దొరికింది.

కాబట్టి వాంతి పడ్డ మొదటి అరగంటలో ఏం చేస్తామన్నదే అసలు విషయం. ముందు ఫ్యాన్ ఆపేయాలి, కిటికీలు తెరవాలి, పిల్లల్నీ పెద్దవాళ్ళనూ పక్క గదిలోకి పంపాలి. పైనుంచి నీళ్ళు కుమ్మరించి చీపురుతో కొట్టడం మనకు బాగా అలవాటు, ఇక్కడ అది పనికిరాదు, ఎందుకంటే అడుగు వెడల్పున ఉన్నదాన్ని మనమే హాలంతా చేస్తాం. చీపురు పుల్లల్లో మిగిలింది తర్వాత వంటింట్లోకి కూడా పోతుంది. పాత పేపర్లు గానీ చింకి గుడ్డలు గానీ దాని మీద పరిచి పీల్చుకోనిచ్చి, బయటి అంచు నుంచి లోపలికి మడుస్తూ ఎత్తి, కవర్లో వేసి గట్టిగా ముడి వేయాలి. పల్లెల్లో బూడిదో ఇసకో చల్లి ఎత్తేస్తారు, నన్నడిగితే నీళ్ళు కొట్టడం కంటే అది చాలా మేలు. చేతికి గ్లౌజులు లేకపోతే రెండు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి, మూతికి మాస్క్ పెట్టుకోండి.

ఎత్తేశాక సబ్బునీళ్ళతో తుడిచి, అప్పుడు బ్లీచింగ్. ఈ వరస ముఖ్యం. మురికి మీదే బ్లీచింగ్ పోస్తే అందులోని క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, వైరస్‌కి మిగలదు.

కిరాణా కొట్లో దొరికే మంచి బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. వాంతి, విరేచనం పడ్డ చోటికి లీటరు నీళ్ళకు 15 గ్రాములు కావాలి. తూకం లేకపోతే 100 గ్రాముల పొట్లాన్ని ఆరేడు సమాన భాగాలు చేసి ఒక్కో భాగం ఒక్కో లీటరుకు వాడండి. తలుపు గొళ్ళేలు, కుళాయి తలలు, స్విచ్చులు, సెల్‌ఫోన్ లాంటి వాటికి అంత అక్కర్లేదు, లీటరుకు 3 గ్రాములు చాలు. స్విచ్చులనూ ఫోన్‌నూ పిండిన గుడ్డతో తుడవాలి తప్ప నీళ్ళు చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కలిపి కాసేపు వదిలేస్తే సున్నం అడుగుకు దిగుతుంది, పైన తేటనీళ్ళు వాడుకోవాలి. వాంతి పడ్డ చోటే కాకుండా చుట్టూ రెండు మీటర్ల మేర తడిపి, కనీసం పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. చల్లిన వెంటనే తుడిచేస్తే వాసన తప్ప ఏమీ మిగలదు. బండల మధ్య సందుల్లో కొంచెం ఎక్కువ పోయండి. పది నిమిషాలయ్యాక మంచినీళ్ళతో కడిగేయాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోవాలి. మూత సరిగ్గా లేని డబ్బాలో చెమ్మకు గడ్డకట్టి, ఘాటు పోయిన పౌడర్‌ని నమ్ముకోవద్దు.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. బ్లీచింగ్‌లో టాయిలెట్ యాసిడ్ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పొద్దున యాసిడ్‌తో కడిగిన బాత్రూమ్‌లో బ్లీచింగ్ వాడాలన్నా ముందు బాగా నీళ్ళు కొట్టి కడగాలి. ఆ యాసిడ్‌ని హాల్లో అసలు పోయొద్దు, మన కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాయి జాతివి, యాసిడ్ తగిలితే బుసబుస పొంగి మచ్చలు పడతాయి. ఫినాయిల్ సంగతి అడుగుతారు కదా: వాసన బాగుంటుంది, కానీ ఈ వైరస్ మీద దాన్ని నమ్మలేం.

చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా అంతే. కరోనా వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ ఆ పొరను కరిగించి దాన్ని చంపుతుంది. నోరో వైరస్‌కి ఆ పొరే లేదు. సబ్బు కూడా దీన్ని చంపదు, చర్మం మీది నుంచి ఊడదీస్తుంది, నీళ్ళు కొట్టుకుపోయేలా చేస్తాయి. అందుకే ఇరవై సెకన్లు రుద్దడం, పైనుంచి నీళ్ళు పారడం రెండూ కావాలి. గోళ్ళ కింద, బొటనవేలి చుట్టూ మనం ఎక్కువగా వదిలేస్తాం.

మన ఇళ్ళల్లో దీనికి పెద్ద అడ్డంకి డ్రమ్ము. విరేచనానికి పోయొచ్చినవాళ్ళు అదే చేత్తో మగ్గు పట్టుకుని డ్రమ్ములో ముంచితే, కడుక్కునే నీళ్ళే చెడిపోతాయి. మన కథలో మంగళవారం నాటి తప్పు ఇదే అయ్యుండొచ్చు: ముగ్గురు రోగులు, ఒకటే మగ్గు, ఒకటే డ్రమ్ము, ఆ తర్వాత అదే నీళ్ళతో నాయన స్నానం. కింద కుళాయి ఉన్న డ్రమ్మైతే మంచిది, లేకపోతే ఇంకొకరు పైనుంచి పోస్తుంటే కడుక్కోవాలి. రోగికి వేరే బకెట్, వేరే మగ్గు, వేరే తువ్వాలు పెట్టండి, ఆ మగ్గు డ్రమ్ములోకి పోకూడదు.

రోగిని విడిగా ఉంచడం అంటే ఒక గదిలో పెట్టి తలుపేయడం కాదు, పిల్లోడు ఒంటరిగా ఉండలేడు కూడా. ఒక్కరే చూసుకోవాలి, ఆ ఒక్కరు వంట చేయకూడదు. ఆదివారం రాత్రి ఈ మార్పు ఒక్కటి జరిగినా, పిల్లోణ్ణి నాయన చూసుకుని అమ్మ వంటింట్లోనే ఉన్నా, ఉగ్గాని మీద అనుమానమే ఉండేది కాదు. మంచం పక్కన మూత ఉన్న బకెట్ పెట్టాలి. బాత్రూమ్ ఒకటే కాబట్టి మిగతావాళ్ళు ముందు స్నానాలు కానిచ్చి, రోగి పోయొచ్చిన ప్రతిసారీ మగ్గు పిడి, కుళాయి, గొళ్ళెం, టాయిలెట్ చుట్టూ తుడవాలి. ఖరాబైన బట్టలు దులపకుండా మడిచి, వేరుగా, సర్ఫుతో వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి మండుటెండలో ఆరేయండి. ఎండకు మనకేం కొదవ.

మందుల విషయం ఇక్కడ చిన్నదే. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, ప్యాకెట్ మీద రాసిన కొలత ఒకసారి చూడండి. పిల్లోడు తాగి కక్కేస్తే పది నిమిషాలు ఆగి స్పూన్‌తో కొంచెం కొంచెంగా పట్టాలి. నోరో వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మలంలో రక్తం పడినా, కళ్ళు గుంతలు పడి మగతగా ఉన్నా, ఆరు గంటలుగా ఒంటేలు రాకపోయినా, నీళ్ళు కూడా నిలవకపోయినా ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రికి పోండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. పసిపిల్లల్లో, అవ్వ వయసువాళ్ళలో పరిస్థితి గంటల్లో మారిపోతుంది.

ఒక సంగతి గమనించాలి. ఈ లెక్కంతా మన ఇంట్లోనే వరసగా పడుతున్నప్పటి మాట. అదే రోజు వీధిలో నాలుగైదు ఇళ్ళల్లో మొదలైందని తెలిస్తే అనుమానం నీళ్ళ మీదికి పోవాలి, మురుగు కాలువలో నుంచి పోయే పైపు పగిలి ఉండొచ్చు. బియ్యం కడిగిన నీళ్ళలా విరేచనాలు ఆగకుండా పోతుంటే అది కలరా కూడా కావచ్చు. అప్పుడు నీళ్ళు కాచి తాగుతూ, వార్డు సచివాలయంలోనో ఆరోగ్య కేంద్రంలోనో వెంటనే చెప్పాలి.

ఇక అమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరికి ఎప్పుడు పోవచ్చు? చివరి వాంతి గానీ విరేచనం గానీ అయిన గంట నుంచి నలభై ఎనిమిది గంటలు లెక్కేయాలి. ఆమెకు గురువారం పొద్దున ఆరింటికి తగ్గిందనుకుంటే శనివారం పొద్దున ఆరు దాటాక. పిల్లోడి స్కూలుకూ అదే లెక్క. తగ్గాక కూడా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు, మలంలో వైరస్ పోతూనే ఉంటుంది, కాబట్టి బాత్రూమ్ నుంచి వచ్చాక సబ్బు, వంటకు ముందు సబ్బు అన్నది అన్నాళ్ళూ ఉండాలి. ఇంట్లో పెళ్ళి ఉంది, ఓళిగలు చేయడానికి చేతులు తక్కువయ్యాయి అంటే, అమ్మను శుక్రవారం పూర్ణం ఉండలు చుట్టడానికి కూర్చోబెట్టకండి, లెక్కలు రాసుకునే పని అప్పజెప్పండి.