వెనుక తేదీ కొనుగోలు, తప్పే ఫిఫో ధర: అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి వ్యాపారుల లెక్కలు చూసేవారిలో బలంగా నాటుకున్న అపోహ ఒకటుంది: టిక్కీల, అంటే మిర్చి బస్తాల, సంఖ్య గోదాముతో సరిపోయి, ట్రయల్ బ్యాలెన్స్ కూడా కుదిరితే సరుకు విలువ సరైనదేనని. వెనుక తేదీతో కొనుగోలు నమోదైనప్పుడు ఈ రెండూ సరిపోతూనే లాభం తప్పుగా రావచ్చు.

లెక్క సులువుగా ఉండేందుకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏప్రిల్ 5న టిక్కీ రూ.8,000 చొప్పున 100, ఏప్రిల్ 15న రూ.9,000 చొప్పున 100 కొని, 20న 120 టిక్కీలు అమ్మారు. ఫిఫో ప్రకారం ముందు వచ్చినది ముందు వెళ్లాలి కనుక అమ్మిన సరుకు ధర రూ.9,80,000 అయింది. ఏప్రిల్ 8న కోల్డ్ స్టోరేజీకి చేరిన మరో 50 టిక్కీల బిల్లు, టిక్కీ రూ.8,400 చొప్పున, 25వ తేదీకి గానీ గుమాస్తా చేతికి రాలేదు. ఆయన దానిని 8వ తేదీతోనే నమోదు చేశారు. ఇప్పుడు వరుస మారింది: మొదటి వంద తర్వాత అమ్ముడైన 20 టిక్కీలు రూ.8,400 సరుకులోవి కావాలి. అప్పుడు అమ్మిన సరుకు ధర రూ.9,68,000, నిల్వ విలువ రూ.11,52,000. సాఫ్ట్‌వేర్ పాత అమ్మకాన్ని తిరిగి లెక్కించకపోతే ధర రూ.9,80,000గానే ఉండిపోయి, నిల్వ రూ.11,40,000గా కనిపిస్తుంది. రెండు విధాలా మొత్తం రూ.21,20,000 కావడం వల్లనే రూ.12,000 తేడా ఎవరి కంటా పడదు.

ఫిఫో సూత్రమే చెడిపోయిందనుకోవడం మరో అపోహ. సూత్రంలో లోపం లేదు. కొత్త కొనుగోలు వరుస మధ్యలో చేరినా, అప్పటికే ఖరారైన అమ్మకపు ధర పాత వరుస ప్రకారమే నిలిచిపోయింది. ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ పునర్గణనను `Repost Item Valuation` అనే పత్రం నేపథ్యంలో చేస్తుంది. దాని స్థితి `Queued` అనో `Failed` అనో ఉన్నంతవరకు నివేదికలోని విలువను నమ్మకూడదు, `Completed` అయ్యాకే చూడాలి. ఒకే రోజున కొనుగోలూ అమ్మకమూ ఉంటే `Posting Time` కూడా వరుసను నిర్ణయిస్తుంది కనుక, సమయాన్ని కూడా సరిచూడవలసిందే.

ఆ రూ.12,000ను జర్నల్ ఎంట్రీతో సర్దితే చాలునని కొందరు సలహా ఇస్తారు. ఖాతా సర్దుకుంటుంది, కానీ సరుకు వరుస సర్దుకోదు. ఆ 50 టిక్కీలు వరుస చివరన ఉండిపోతే, తదుపరి అమ్మకానికి రూ.8,400 బదులు రూ.9,000 ధరే పడుతుంది. అందుకే పునర్గణన చేయించడమే సరైన మార్గమని నా అభిప్రాయం.

దీనికి ఒక హద్దు ఉంది. వెనుక తేదీ ఆడిట్ ముగిసిన సంవత్సరంలో పడితే, పునర్గణన ఆ ఏటి ముగింపు నిల్వనే మార్చివేస్తుంది. అటువంటి కాలానికి `Stock Frozen Up To` తేదీ పెట్టి ఎంట్రీని ముందే ఆపాలి. ఆలస్యంగా వచ్చిన బిల్లును ప్రస్తుత సంవత్సరంలో ఎలా చూపాలో ఆడిటర్‌తో మాట్లాడి, ఆ తర్వాతే నమోదు చేయాలి.