నాలుగో లేన్ ఎవరిది?

2021 జులైలో టోక్యో ఒలింపిక్స్ పురుషుల 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌ను ట్యునీషియా కుర్రాడు అహ్మద్ హఫ్నావీ ఎనిమిదో లేన్ నుంచి గెలిచాడు. హీట్స్ అనే తొలి దశ పోటీల్లో అతని టైమ్ 3 నిమిషాల 45.68 సెకన్లు. అర్హత పొందిన ఎనిమిది మందిలో అదే ఆఖరిది, అందుకే అంచు లేన్ దక్కింది. ఈత పోటీల్లో లేన్ కేటాయింపుకు చీటీలు వేయరు, ఎవరి ఇష్టాయిష్టాలూ అడగరు. ముందటి టైమే లేన్‌ను నిర్ణయిస్తుంది. చీటీ తీసేది ఇద్దరి టైమ్ వందో వంతు సెకను దాకా సమానమైనప్పుడు, లేదా నమోదైన టైమే లేనప్పుడు మాత్రమే.

ఎనిమిది లేన్ల పూల్‌లో అందరికంటే వేగవంతుడికి నాలుగో లేన్ ఇస్తారు. రెండోవాడు అతని ఎడమ పక్కన, అంటే ఐదులో ఉంటాడు. అక్కడినుంచి కుడి, ఎడమ మార్చుకుంటూ పోతే వరుస 4, 5, 3, 6, 2, 7, 1, 8 అవుతుంది. స్టార్టింగ్ వైపు నిలబడి పూల్‌ను చూస్తే ఒకటో లేన్ కుడిచేతి వైపు ఉంటుంది. లెక్క ఎడమ నుంచి మొదలుపెడితే మొత్తం అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది. ఆరు లేన్ల పూల్‌లో మొదటివాడిది మూడో లేన్.

నడిమి లేన్‌లో ఈదేవాడు రెండు పక్కలా ప్రత్యర్థులను గమనించగలడు. పక్క గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చే అల మొదట తగిలేది అంచు లేన్‌కే. అందుకే పది లేన్ల ఒలింపిక్ పూల్‌లో మధ్య ఎనిమిదే వాడి, రెండు గోడల పక్కనా ఒక్కో లేన్ ఖాళీగా వదులుతారు.

హీట్స్ విషయంలో మాత్రం ఆలోచన వేరు. బలమైన ఎనిమిది మందినీ ఒకే హీట్‌లో పెట్టకుండా చివరి మూడు హీట్లకు పంచుతారు. రాష్ట్ర స్థాయి 100 మీటర్ల ఫ్రీస్టైల్‌కు 19 మంది పేర్లిచ్చారనుకుందాం. మూడు హీట్లు కావాలి. మొదటి ర్యాంకు మూడో హీట్‌కు, రెండో ర్యాంకు రెండో హీట్‌కు, మూడో ర్యాంకు ఒకటో హీట్‌కు వెళ్తారు. నాలుగో ర్యాంకు మళ్లీ మూడో హీట్‌కే. అలా మూడో హీట్‌లో 1, 4, 7, 10, 13, 16, 19 ర్యాంకులు చేరతాయి. వాళ్ల లేన్లు వరుసగా 4, 5, 3, 6, 2, 7, 1. ఎనిమిదో లేన్ ఖాళీ. 400 మీటర్లు, అంతకు మించిన దూరాలకైతే ఈ పంపకం చివరి రెండు హీట్లకే పరిమితం.

25 మంది ఉంటే చిక్కు వస్తుంది. చివరి మూడు హీట్లూ నిండుగా నింపితే మొదటి హీట్‌లో ఒక్కరే మిగులుతారు. కానీ ఏ హీట్‌లోనూ ముగ్గురికి తక్కువ వేయకూడదన్నది నియమం. కాబట్టి 23, 24, 25 ర్యాంకులను మొదటి హీట్‌కు పంపి, మిగిలిన 22 మందిని చివరి మూడు హీట్లకు 7, 7, 8గా పంచాలి. పేర్లిచ్చాక ఎవరైనా తప్పుకుని సంఖ్య మూడు కంటే తగ్గితే తప్పు లేదు.

ఎక్కువ పొరపాట్లు అసలు ర్యాంకుల జాబితాలోనే దొర్లుతాయి. టైమ్‌లను ఎక్సెల్‌లో అక్షరాలుగా టైప్ చేసి వరుసపెడితే `1:02.35` వచ్చి `58.90` కంటే పైన కూర్చుంటుంది. జాబితా తలపై ఒక నిమిషం దాటిన టైమ్, కింద 50 సెకన్ల టైమ్‌లు కనిపిస్తే జరిగింది ఇదే. అన్నిటినీ సెకన్లలోకి, అంటే `62.35`గా మార్చి వరుసపెడితే సరి. 25 మీటర్ల పూల్‌లో మలుపులు ఎక్కువ, గోడను తన్ని ముందుకు దూసుకెళ్లే అవకాశాలూ ఎక్కువ. అందుకే అక్కడి టైమ్ సాధారణంగా తక్కువగా వస్తుంది. దాన్ని 50 మీటర్ల టైమ్‌తో నేరుగా కలిపితే వాస్తవంలో నెమ్మదైనవాడు పైకి ఎగబాకుతాడు. నమోదైన టైమ్ లేనివాళ్లు జాబితా అడుగునే ఉండాలి. వాళ్లలో వాళ్లకు చీటీ తీస్తారు.

ఫైనల్‌కు వచ్చేసరికి పాత ఎంట్రీ టైమ్‌తో పని లేదు. సెమీస్ ఉంటే సెమీస్ టైమ్, లేకపోతే హీట్స్ టైమ్ చూస్తారు. అన్ని హీట్ల టైమ్‌లూ ఒకే జాబితాలో చేరతాయి కనుక తన హీట్ గెలిచినవాడు కూడా ఫైనల్‌కు రాకపోవచ్చు. ఎనిమిదో స్థానానికి ఇద్దరి టైమ్ సమానమైతే మాత్రం చీటీ చాలదు, వాళ్లిద్దరూ మళ్లీ ఈది తేల్చుకోవాలి.

ఫైనల్‌కు ముందు రెండో ర్యాంకు ఈతగాడు తప్పుకున్నాడనుకుందాం. తొమ్మిదో ర్యాంకు రిజర్వ్‌ను పిలిచి, ఖాళీ అయిన ఐదో లేన్‌లో నిలబెట్టడం తప్పు. అలా చేస్తే అందరిలోకీ నెమ్మదైనవాడికి రెండో మంచి లేన్ దక్కి, తన స్థానం కష్టపడి సంపాదించుకున్న మూడో ర్యాంకువాడు మూడో లేన్‌లోనే ఉండిపోతాడు. జాబితా మళ్లీ వేయాలి: మూడో ర్యాంకు ఐదో లేన్‌కు, నాలుగో ర్యాంకు మూడో లేన్‌కు, ఐదో ర్యాంకు ఆరో లేన్‌కు జరుగుతారు. చివరికి ఎనిమిదో లేన్ రిజర్వ్‌కు మిగులుతుంది. మార్చిన స్టార్ట్ లిస్టును కోచ్‌లకూ టైమ్‌కీపర్లకూ మళ్లీ పంచాలి. పాత కాగితం పట్టుకున్న టైమ్‌కీపర్ ఒకరి టైమ్‌ను ఇంకొకరి పేరు మీద రాసేస్తాడు.