డేటా లీకైందని కస్టమర్లకు రాసే మెయిల్: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ అనుకుందాం. వాళ్ల బ్యాకప్ ఫైల్ క్లౌడ్‌లో మార్చి 3 నుంచి 9 దాకా ఎవరైనా తెరవగలిగేలా ఉండిపోయింది. లాగ్ చూస్తే బయటివాళ్లు దాన్ని రెండుసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు. అందులో పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ టెస్టు ఏ తేదీన చేయించుకున్నారో ఉంది. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు లేవు. ఇలాంటప్పుడు యజమానుల నోట నేను తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: విచారణ మొత్తం పూర్తయ్యాకే చెప్పాలి.

ఆలోగా మోసగాళ్ల ఫోన్ ముందు వెళ్లిపోతుంది. తెలిసినంత వరకు వెంటనే రాసి, మిగతాది మరో మెయిల్‌లో చెప్పాలి. 2025 నవంబరులో వచ్చిన, వ్యక్తిగత డేటా రక్షణకు సంబంధించిన డీపీడీపీ నిబంధనలు కూడా బాధితులకు జాప్యం లేకుండా తెలపాలనే అంటున్నాయి. ఈ భాగం అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో రిపోర్ట్ చేయాలన్న నియమం మాత్రం 2022 నుంచే ఉంది.

అపోహ: "దుర్వినియోగమైనట్టు ఆధారాలు లేవు" అని రాస్తే జనానికి ధైర్యం.

డౌన్‌లోడ్ అయినట్టు లాగ్‌లో కనబడుతుంటే ఈ వాక్యం రాయకూడదు. "మార్చి 3-9 మధ్య మీ పేరు, ఫోన్ నంబరు, టెస్టు వివరాలున్న ఫైల్‌ను బయటివాళ్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు. 9న దాన్ని మూసేశాం" అని రాయాలి. పోయినవి చెప్పాక పోనివి కూడా చెప్పాలి. లేకపోతే అందరూ బ్యాంకుకు పరిగెడతారు.

అపోహ: పాస్‌వర్డ్ మార్చుకోమని లింక్ పెడితే మన పని అయిపోయింది.

ఇక్కడ పాస్‌వర్డ్ పోనే లేదు. ప్రమాదం ఫోన్ రూపంలో వస్తుంది. "అమ్మా, మొన్న థైరాయిడ్ టెస్టు చేయించుకున్నారు కదా, రిపోర్టులో తేడా వచ్చింది, డబ్బు వాపసు ఇస్తాం, ఓటీపీ చెప్పండి" అంటాడు. పేరు, టెస్టు, తేదీ అన్నీ సరిపోతాయి కాబట్టి నమ్మేస్తారు. అందుకే మెయిల్‌లో ఆ ఫోన్ ఎలా ఉంటుందో ఉదాహరణతో సహా రాసి, ఇలా చెప్పండి: "మేం ఓటీపీ అడగం. అనుమానమొస్తే మీ పాత బిల్లు మీదున్న నంబరుకు చేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి." లింక్ పెట్టొద్దు. మీ మెయిల్‌ను కాపీ కొట్టి అందులో తమ లింక్ పెట్టడం మోసగాళ్లకు చాలా తేలిక.

అపోహ: మెయిల్ వెళ్తే అందరికీ తెలిసినట్టే.

మన దగ్గర పెద్దవాళ్ల పేరు మీదుండే మెయిల్ ఐడీ చాలాసార్లు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుదో, ఇంటి పక్క కుర్రాడిదో అయి ఉంటుంది. కాబట్టి మెయిల్‌లో టెస్టు పేరు రాయకూడదు, "టెస్టు వివరాలు" అంటే సరిపోతుంది. ఎస్సెమ్మెస్ కూడా పంపి, కౌంటర్ దగ్గర తెలుగులో నోటీసు అంటించాలి. మెయిల్ ఎవరిది వాళ్లకు విడిగా వెళ్లాలి. అందరి ఐడీలు ‘To’లోనో ‘Cc’లోనో పెట్టి పంపితే, ఆ సెంటర్‌కు ఎవరెవరు వెళ్లారో అందరికీ తెలిసిపోతుంది. అది రెండో లీక్.