పొట్ట కొవ్వు చెప్పే మెషీన్ పొట్టను ఎంతవరకు చూస్తుంది?

బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉండే మా కొలీగ్ ఒకాయనకి 42 ఏళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. పొద్దున్నే నడుస్తాడు కాబట్టి కాళ్లు గట్టివే. చేతులు మాత్రం సన్నం, పొట్ట చొక్కా గుండీల దగ్గర తెలిసిపోతుంది. ఇంట్లో ఎక్కి నిలబడే స్కేలు ఆయనకి కొవ్వు 24 శాతం అంది. వీధి చివర న్యూట్రిషన్ క్లబ్‌లో రెండు చేతులతో పట్టుకునే మెషీన్ 28 అంది. జిమ్‌లో చేతులూ కాళ్లూ రెండూ పెట్టే మెషీన్ 30 అని కాగితం ప్రింట్ చేసి ఇచ్చింది. "ఇందులో ఏది కరెక్ట్ అన్నా?" అని అడిగాడు.

దానికి జవాబు చెప్పాలంటే ముందు ఒకటి తెలియాలి. ఈ మూడింట్లో ఏదీ కొవ్వును నేరుగా కొలవదు. అన్నీ చేసేది ఒకటే పని. ఒంట్లోకి మనకు తెలియనంత చిన్న ఆల్టర్నేటింగ్ కరెంట్ పంపుతాయి. అది ఒక మిల్లీ ఆంపియర్ కన్నా తక్కువ, సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దారిలో ఎంత అడ్డు తగిలిందో ఓమ్‌లలో చూస్తాయి. ఆ అడ్డే ఇంపిడెన్స్. ఉప్పునీళ్లతో నిండిన కండ కరెంట్‌ను సులువుగా పోనిస్తుంది, కొవ్వు పోనివ్వదు. ఎత్తును ఎత్తుతో గుణించి ఇంపిడెన్స్‌తో భాగిస్తే వచ్చే అంకె ఒంట్లోని నీటితో బాగా కలిసి నడుస్తుందని 1969లో హాఫర్ బృందం చూపించింది. కొవ్వు కాని శరీరంలో దాదాపు 73 శాతం నీరే. నీరెంతో తెలిస్తే కొవ్వు కాని భాగం తెలుస్తుంది, దాన్ని బరువులోంచి తీసేస్తే మిగిలేది కొవ్వు. అంటే కొలిచేది ఇంపిడెన్స్ ఒక్కటే, మిగతాదంతా లెక్క.

ఇక కరెంట్ ఎక్కడ తిరిగిందన్నదే అసలు సంగతి. చేతుల మెషీన్‌లో అది ఒక చేతిలోంచి ఎక్కి, భుజాల మధ్యగా ఛాతీ పైభాగం దాటి, రెండో చేతిలోంచి దిగిపోతుంది. నిలబడే స్కేలులో ఒక కాలు ఎక్కి, కటి దగ్గర మళ్లి, రెండో కాలు దిగుతుంది. బొడ్డు చుట్టుపక్కలకి రెండూ దాదాపుగా రావు. నడిచే కాళ్లను చూసిన స్కేలు మా వాడికి తక్కువ చెప్పింది, సన్నటి చేతులను చూసిన మెషీన్ ఎక్కువ చెప్పింది. పొట్టను రెండూ చూడలేదు. అయినా స్కేలు యాప్‌లో పేగుల చుట్టూ ఉండే కొవ్వుకి "విసెరల్ ఫ్యాట్ 11" అని దర్జాగా కనిపిస్తుంది. అది కాళ్ల ఓమ్‌లకు వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్నవి కలిపి వేసిన అంచనా. కావాలంటే ప్రొఫైల్‌లో వయసు పదేళ్లు తగ్గించి మళ్లీ ఎక్కి చూడండి. కాళ్లు అవే, పొట్ట అదే. అంకె దిగితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

జిమ్ మెషీన్‌లో ఎనిమిది ఎలక్ట్రోడ్లుంటాయి. ఒక్కో చేతికి రెండు, బొటనవేలి కింద ఒకటి, మిగతా వేళ్ల కింద ఒకటి. ఒక్కో పాదానికి రెండు, మడమ కింద ఒకటి, ముందు భాగం కింద ఒకటి. ప్రతి జతలో ఒకటి కరెంట్ పంపడానికి, ఇంకోటి వోల్టేజ్ చూడటానికి. ఇందులో ఉన్న తెలివి నాకు చాలా నచ్చుతుంది. కరెంట్‌ను కుడి చేతినుంచి కుడి కాలికి పంపారనుకోండి. అప్పుడు ఎడమ చేతిలో కరెంట్ లేదు. కరెంట్ లేని చోట వోల్టేజ్ పడిపోదు కాబట్టి ఎడమ చేయి, వైర్ తీసుకెళ్లి భుజానికి తగిలించినట్టే పనిచేస్తుంది. కుడి చేతికీ ఎడమ చేతికీ మధ్య వోల్టేజ్ చూస్తే కుడి చేతిది ఒక్కటే వస్తుంది. కుడి కాలికీ ఎడమ కాలికీ మధ్య చూస్తే కుడి కాలిది. ఎడమ చేతికీ ఎడమ కాలికీ మధ్య చూస్తే, అదే కరెంట్‌తో, మొండెం ఒక్కటే దొరుకుతుంది. మనిషి కదలనక్కర్లేదు. లోపల స్విచ్‌లు మారుతుంటాయి, ఐదు భాగాలు విడివిడిగా వచ్చేస్తాయి.

అయితే ఆ మొండెం అంకెను చూస్తేనే చిక్కు అర్థమవుతుంది. ఒక మగవాడికి చేయి 300 ఓమ్‌లు, కాలు 250, మొండెం 25 అనుకుందాం. ఇవి మామూలుగా కనిపించే స్థాయిలోని అంకెలే. ఒంటి బరువులో దాదాపు సగం మొండెంలోనే ఉంటుంది, కానీ మొత్తం 575 ఓమ్‌లలో దాని వాటా 25. సన్నటి పైపుల మధ్య పెద్ద సంపు ఉన్నట్టు. నీళ్లన్నీ సంపులోనే ఉన్నా, ఒత్తిడి పడిపోయేది పైపుల్లోనే. మొండెంలో పది శాతం తేడా వచ్చిందంటే రెండున్నర ఓమ్‌లు. మొత్తం దారిని కలిపి చూసే మెషీన్‌కి అది అర శాతం కూడా కాదు. ఎనిమిది ఎలక్ట్రోడ్ల మెషీన్ దాన్ని విడిగా చూస్తుంది, నిజమే. కానీ ఒక ఓమ్ పొరపాటు చేతి అంకెలో పట్టింపులేనిదైతే, మొండెం అంకెలో నాలుగు శాతం అవుతుంది. చేయి ఒంటికి ఆనితే కరెంట్‌కి అడ్డదారి దొరుకుతుంది. చంకలు కాస్త తెరిచి, చేతులు దూరంగా పెట్టమని ట్రైనర్ చెప్పేది అందుకే. తొడలు రాసుకున్నా అంతే. డిసెంబరు చలికి పొడిబారిన మడమలను తడిగుడ్డతో తుడుచుకుని ఎక్కితే మంచిది.

ఇంకో పరిమితి కూడా ఉంది. మొండెం ఓమ్‌లు విడిగా తెలిసినా, చర్మం కింది కొవ్వు ఎంత, పేగుల చుట్టూ ఉన్న కొవ్వు ఎంత అన్నది వాటితో తేలదు. కాగితం మీది విసెరల్ ఫ్యాట్ స్థాయి ఇక్కడ కూడా సమీకరణం చెప్పే మాటే. దానికన్నా బొడ్డు దగ్గర టేపు చుట్టడం నాకు నమ్మకంగా అనిపిస్తుంది. మన మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలన్నది దక్షిణాసియా వాళ్లకి పెట్టిన హద్దు.

ఆ సమీకరణాలు ఎవరి ఒళ్ల మీద తయారయ్యాయన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పుణెకి చెందిన యాజ్ఞిక్, లండన్‌కి చెందిన యూడ్కిన్ అనే ఇద్దరు డాక్టర్లు 2004లో తమ అంకెలే అచ్చు వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఎక్స్‌రేతో చూసే డెక్సా స్కాన్‌లో యూడ్కిన్‌కి కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. బరువూ ఎత్తూ మీద ఎక్కువగా ఆనుకున్న సమీకరణం ఇలాంటి ఇద్దరిని విడదీయడానికి తడబడుతుంది.

ఇక సాయంత్రం సంగతి. రోజంతా కూర్చుని పనిచేస్తే నీరు కాళ్లలోకి దిగుతుంది, సాక్స్ అచ్చులు పడతాయి. నీరు పెరిగింది కాబట్టి కాళ్ల ఇంపిడెన్స్ తగ్గుతుంది, స్కేలు దాన్ని కండ అనుకుంటుంది. రెండు కాళ్లూ కలిపి పొద్దున 500 ఓమ్‌లున్నది సాయంత్రం 485కి దిగిందనుకుందాం, మూడు శాతం. ఒంట్లో 40 లీటర్ల నీరుందని లెక్క కట్టే సూత్రం ఇప్పుడు సుమారు 41.2 అంటుంది. అదనపు 1.2 లీటర్లను 0.73తో భాగిస్తే కొవ్వు కాని బరువు 1.6 కిలోలు పెరిగినట్టు, 74 కిలోల మనిషికి కొవ్వు రెండు శాతం తగ్గినట్టు వస్తుంది. అసలు సమీకరణాల్లో బరువు, వయసు కూడా ఉంటాయి కాబట్టి ఇంత మారకపోవచ్చు, కానీ మారే దిక్కు ఇదే. అందుకే పోల్చుకునేవాళ్లు అదే మెషీన్ మీద, పొద్దున్నే, ఏమీ తినకముందు, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక ఎక్కాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వీటి జోలికి పోకూడదు.

మా వాడి జిమ్ కాగితంలో నేను ముందు చూసింది మొత్తం శాతం కాదు, చేతులూ కాళ్ల వరుసలు. ఈ మెషీన్ బాగా చెప్పగలిగేది అవే. కుడీ ఎడమల తేడా కూడా అక్కడే దొరుకుతుంది. ఇంటి స్కేలుకి 240, 260 ఓమ్‌ల కాళ్లయినా, 250, 250 అయినా ఒకటే, ఎందుకంటే అది రెండింటినీ కలిపి 500గా చూస్తుంది. ఆయన కుడి చేయి ఎడమదానికన్నా పది ఓమ్‌లు తక్కువుంది. కుడిచేతి వాటం మనిషి కాబట్టి అది మామూలే, ఆ చేతిలో కండ కాస్త ఎక్కువ. ఒక చేయి వాచినప్పుడు కూడా అంకె ఇలాగే దిగుతుంది, కాబట్టి ఓమ్‌లు ఒక్కటే చూసి ఇది కండ, ఇది నీరు అని తేల్చలేం. ఆ తేడా ప్రతి ప్రింటవుట్‌లోనూ పెరుగుతూ పోతుంటే, ఉంగరమో గాజో బిగుసుకుంటుంటే డాక్టరుకి చూపించాలి.