బుడగలు వచ్చాయి సరే, గడ్డ కట్టిందా?

తిరుపతిలో ఎంబీబీఎస్ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పేటప్పుడు నేను తప్పకుండా ఇచ్చే ప్రశ్న ఒకటుంది. చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పనిచేసే 34 ఏళ్ల ఆయనకు కత్తి తగిలి బొటనవేలి పక్కన చీముగడ్డ లేచింది. చీములో గ్రామ్ పాజిటివ్ కోకై గుత్తులుగా కనిపించాయి. క్యాటలేజ్ పాజిటివ్, స్లైడ్ కోయాగ్యులేజ్ నెగటివ్, ట్యూబ్ కోయాగ్యులేజ్ 4 గంటలకు పాజిటివ్. ఏ బ్యాక్టీరియా?

స్లైడ్ నెగటివ్ అన్న ముక్క కంటబడగానే చాలామంది స్టాఫ్ ఎపిడెర్మిడిస్ అని రాసేస్తారు. జవాబు స్టాఫ్ ఆరియస్.

ముందు క్యాటలేజ్ సంగతి చూద్దాం. ఇది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టే ఎంజైమ్, కాబట్టి గాజు స్లైడ్ మీద కాలనీ కొంచెం పెట్టి 3 శాతం పెరాక్సైడ్ చుక్క వేస్తే స్టాఫైలోకాకస్ అయితే వెంటనే బుసబుసా బుడగలు వస్తాయి, స్ట్రెప్టోకాకస్ అయితే చుక్క అలాగే ఉంటుంది. ఈ ఎంజైమ్‌కు హీమ్ అనే భాగం కావాలి, స్ట్రెప్టోకాకస్ హీమ్‌ను తయారు చేసుకోలేదు, అందుకే దానికి క్యాటలేజ్ ఉండదు. ఇంతవరకు అందరికీ వచ్చు. కానీ రక్తం కలిపిన అగర్ మీద పెరిగిన కాలనీని తీసేటప్పుడు కాస్త లోతుగా గీకితే ఎర్ర రక్తకణాలు కూడా వచ్చేస్తాయి, వాటిలోనూ క్యాటలేజ్ ఉంటుంది, బుడగలు వాటివల్లే వస్తాయి. అలా వచ్చిన బుడగలు సాధారణంగా నీరసంగా ఉంటాయి. ఇనుము ఉన్న లూప్ వాడినా ఇదే బాధ, అందుకే పుల్లతోనో గాజు కడ్డీతోనో కాలనీ పై భాగం మాత్రమే తీసుకోవాలి. ప్రశ్నలో ‘బ్లడ్ అగర్ నుంచి తీసిన కాలనీ, బుడగలు కొద్దిగా, ఆలస్యంగా’ అని ఉండి, గ్రామ్ స్టెయిన్‌లో గొలుసులు కనిపిస్తే, బుడగల కన్నా గొలుసులనే నమ్మండి.

మన కేసులో గుత్తులు, బుడగలు రెండూ ఉన్నాయి, స్టాఫ్ అనే అనుకోవచ్చు. అది ఆరియసా, మిగతావాటిలో ఒకటా అనేది తేల్చేది కోయాగ్యులేజ్. ఇక్కడే అసలు తిరకాసు, ఎందుకంటే స్లైడ్ టెస్ట్, ట్యూబ్ టెస్ట్ ఒకే పదార్థాన్ని పట్టుకోవు. స్లైడ్ మీద మనం చూసేది బ్యాక్టీరియా ఒంటికి అంటుకుని ఉండే క్లంపింగ్ ఫ్యాక్టర్, అది ప్లాస్మాలోని ఫైబ్రినోజెన్‌ను పట్టుకోవడంతో కణాలు ఒకదానికొకటి అతుక్కుని 10 సెకన్లలోపే ముద్దలవుతాయి. ట్యూబ్‌లో చూసేది బయటికి వదిలిన కోయాగ్యులేజ్. అది ప్లాస్మాలోని ప్రోథ్రాంబిన్‌తో జతకట్టి ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్‌గా మారుస్తుంది, ట్యూబ్ వంచి చూస్తే లోపలిది పెరుగు తోడుకున్నట్టు కదలకుండా ఉంటుంది. ఆరియస్ స్ట్రెయిన్లలో సుమారు 10 నుంచి 15 శాతం స్లైడ్ మీద నెగటివ్ ఇస్తాయి. కాబట్టి స్లైడ్ నెగటివ్ వస్తే అక్కడితో తీర్పు ఇవ్వకూడదు, ట్యూబ్ పెట్టాల్సిందే. మన ఫ్యాక్టరీ ఆయన చీములో జరిగింది అదే.

ట్యూబ్ టెస్ట్‌కు, దానంతటదే గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన కుందేలు ప్లాస్మా వాడి 37 డిగ్రీల్లో ఉంచుతారు. సిట్రేట్ ప్లాస్మా అయితే ఎంటెరోకాకస్ లాంటివి సిట్రేట్‌ను తినేసి, దాంతో విడుదలైన కాల్షియం వల్ల ఉత్తినే గడ్డ కట్టించగలవు. ఇంకా ముఖ్యమైనది టైమ్. సాయంత్రం ట్యూబ్ పెట్టి పొద్దున వచ్చి చూద్దాంలే అనుకుంటే, కొన్ని ఆరియస్ స్ట్రెయిన్లు వదిలే స్టాఫైలోకైనేజ్ అనే ఎంజైమ్ వల్ల రాత్రికి రాత్రి ఆ గడ్డ కరిగిపోయి మళ్లీ నీళ్లలా కనిపించవచ్చు, చూసినవాళ్లు నెగటివ్ అని రాసేస్తారు. అందుకే 4 గంటల దాకా మధ్యమధ్యలో చూస్తూ ఉండాలి, అప్పటికీ కట్టకపోతేనే 24 గంటలకు మళ్లీ చూడాలి. ప్రశ్నలో 4 గంటలకు పాజిటివ్, 24 గంటలకు నెగటివ్ అని ఇస్తే కంగారు పడకండి, అది పాజిటివే.

ఇప్పుడు అదే ప్రశ్నను తిప్పి చూడండి: స్లైడ్ పాజిటివ్, ట్యూబ్ 24 గంటలకూ నెగటివ్. ముందు స్లైడ్ మీద సెలైన్‌తో కంట్రోల్ పెట్టారా అని అడగాలి, ఎందుకంటే కొన్ని స్ట్రెయిన్లు ప్లాస్మా లేకుండానే వాటంతటవే ముద్దలవుతాయి. కంట్రోల్ శుభ్రంగా ఉంటే స్టాఫ్ లుగ్డునెన్సిస్‌ను అనుమానించండి. దానికి క్లంపింగ్ ఫ్యాక్టర్ ఉంటుంది, బయటికి వదిలే కోయాగ్యులేజ్ ఉండదు. ట్యూబ్ నెగటివ్ కాబట్టి చర్మం మీద మామూలుగా ఉండేదేలే అని కొట్టిపారేస్తే ప్రమాదం, ఇది మంచి గుండె కవాటాలను కూడా ఆరియస్‌లాగే పాడు చేయగలదు. పీవైఆర్, ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ పరీక్షలు రెండూ పాజిటివ్ వస్తే అదేనని నమ్మకంగా చెప్పొచ్చు, ఆరియస్‌లో పీవైఆర్ నెగటివ్.