ఎలివేషన్ రాయి ఎందుకు ఊడుతుంది? మా పనిలో వినిపించే అపోహలు

కిందటి మే నెలలో హైదరాబాద్‌లో ఒక జీ ప్లస్ టూ ఇంటికి పిలిచారు. పడమటి గోడ మొత్తం నల్ల గ్రానైట్. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 18 మి.మీ. మందం ఉన్న పలకలు. మొదటి అంతస్తు స్లాబ్ దగ్గర ఐదు పలకలు వరసగా ఉబ్బి, ఒకటి రాలి పోర్టికోలో పడింది. ఒక్కో పలక బరువు 8 కిలోల పైనే, కింద ఎవరూ లేకపోవడం అదృష్టం. ఇంటాయన మొదటి మాటే, "గమ్ము నాసిరకం సార్, అందుకే ఊడింది." మిగతా అపోహలన్నీ ఆ గోడ మీదే దొరికాయి.

అపోహ: ఖరీదైన అడ్హెసివ్ వాడితే రాయి ఊడదు.

ఊడిన పలకను తిప్పి చూశాను. వెనక నాలుగు మూలలా ఒక్కో ముద్ద, మధ్యలో ఒకటి. మిగతా రాయంతా శుభ్రంగా ఉంది. అడ్హెసివ్ నిజానికి మంచి రకమే, పెట్టిన తీరే తప్పు. బయటి గోడకు పలక వెనక కనీసం 95 శాతం మేర అంటుకోవాలి. పళ్ల తాపీతో గోడ మీద ఒకే దిశలో గీసి, రాయి వెనక కూడా పలుచగా పూసి, గీతలు అణిగేలా అటూ ఇటూ కదుపుతూ నొక్కాలి. పని మొదట్లోనే ఒక పలక పీకి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. గీతలు గీతలుగానే నిలబడి రాయికి ఏమీ అంటకపోతే, పూసిన అడ్హెసివ్ మీద అప్పటికే పొర కట్టిందని అర్థం. సంచి మీద 20 నిమిషాలని రాసినా ఎండ తగిలే గోడ మీద అంత సమయం ఉండదు. వేలితో తాకితే వేలికి అంటాలి. అంటకపోతే గీకేయాల్సిందే, పైన నీళ్లు చిలకరిస్తే లాభం లేదు.

అపోహ: గోడ కదలదు కదా, పలకల మధ్య ఖాళీ ఎందుకు?

ఇంటాయనకు లెక్క వేసి చూపించాను. గ్రానైట్ మీటరుకు, ఒక డిగ్రీ వేడికి దాదాపు 0.008 మి.మీ. పెరుగుతుంది. ఆయన గోడ 6 మీటర్లు. చలికాలపు తెల్లవారుజాముకీ మే నెల సాయంత్రానికీ నల్ల రాయి మీద 40 డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. అంటే సుమారు 2 మి.మీ. పలకలు ఒకదానికొకటి ఆనించి పెడితే ఆ 2 మి.మీ. ఎక్కడికి పోవాలి? బయటికి ఉబ్బుతుంది. దానికి తోడు కాంక్రీట్ బీమ్, ఇటుక గోడ కలిసే చోట రెండూ ఒకేలా కదలవు. ఆ ఐదు పలకలూ సరిగ్గా ఆ గీత మీదే ఉన్నాయి.

అందుకే ప్రతి అంతస్తు స్లాబ్ దగ్గర అడ్డంగా, నిలువుగా 3 నుంచి 4 మీటర్లకొకటి మూవ్‌మెంట్ జాయింట్ వదలాలి. 25 శాతం సాగే సిలికాన్‌కు 2 మి.మీ. కదలిక తట్టుకోవాలంటే 8 మి.మీ. వెడల్పు కావాలి. నేను 10 వదులుతాను. ఆ ఖాళీ అడ్హెసివ్ మందం దాకా తెరిచి ఉండాలి. లోపల ఫోమ్ తాడు పెట్టి, దాని మీద రాయికి మరక పట్టని న్యూట్రల్ సిలికాన్ కొట్టాలి. పలకల సందులు పూడ్చే సిమెంట్ గ్రౌట్‌తో నింపితే జాయింట్ వదిలీ వదలనట్టే.

అపోహ: క్లాంప్ వేస్తే చాలు, ఏదైనా సరే.

క్లాంప్ అంటే రాయిని గోడకు పట్టి ఉంచే లోహపు కొక్కెం. దాని అవసరం రాయి బరువును బట్టి ఉంటుంది. మూడడుగులు బై రెండడుగుల 20 మి.మీ. గ్రానైట్ పలక 30 కిలోల దాకా తూగుతుంది. దాన్ని అడ్హెసివ్ మీదే వదిలి నేను నిద్రపోలేను. కానీ జింకు పూత వేసిన ఇనుప క్లాంప్, అంటే జీఐ, వద్దు. తుప్పు పట్టి ఉబ్బి, రాయి అంచునే పగలగొడుతుంది. ముందు జాయింట్ దగ్గర గోధుమరంగు చార కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ 304 వాడండి, విశాఖలాంటి సముద్రపు గాలికి 316. తేలికపాటి ఏఏసీ బ్లాకులో క్లాంప్‌ను బిగించే మామూలు యాంకర్ బోల్టు పట్టదు, బీమ్‌కో కాలమ్‌కో బిగించాలి.

అపోహ: రాయి వేశాక గోడకు నీళ్లు పట్టవు.

గ్రౌట్ గీతల్లోంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి. ఆ ఇంట్లో పిట్టగోడ మీది రాయి బయటికి వాలి ఉంది, దాని కింద నీళ్లు తెగిపడే గాడి లేదు. వాన నీరంతా పలకల వెనక ముద్దల మధ్య బోలులోకి చేరి, లోపలి గదిలో నిమ్ముగా, బయట తెల్లటి ఉప్పుగా తేలింది. ఇంటాయన కింది అంచు కూడా సిలికాన్‌తో మూయించారు, దాంతో దిగిన నీరు బయటికి పోయే దారీ పోయింది.

ఆ గోడ మీద మేం వదులైన పలకలు తీసి, ప్లాస్టర్ మీద సిమెంట్ పాలిమర్ వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు వేశాం. పిట్టగోడ రాయిని టెర్రస్ వైపు వాలేలా, బయటికి అంగుళంన్నర వచ్చేలా, కింద గాడితో మళ్లీ పెట్టాం. స్లాబ్ దగ్గర జాయింట్ కోశాం, కింది అంచు సిలికాన్ పీకేశాం. పలకలు మళ్లీ అంటించి, అడ్హెసివ్ గట్టిపడ్డాక, పరంజా విప్పకముందే ప్రతి పలకనూ చెక్క పిడితో తట్టాను. నాలుగు డొల్లగా మోగాయి. ఆ నాలుగూ అదే రోజు తీయించాను.